పాత డాక్టరు దగ్గర కాగితాలు అడిగే పద్ధతి

(స్మారక ఉపన్యాస పాఠం)



ఎవరి పేరు మీద ఈ సభ జరుగుతున్నదో ఆ పెద్ద డాక్టరు గారికి ఒక అలవాటు ఉండేది. పేషెంటు వేరే ఊరికి పోతున్నానని చెబితే, ఆయన ఓపీ ఎంత రద్దీగా ఉన్నా ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టి, లెటర్‌హెడ్ తీసి, పేరు కూడా తెలియని కొత్త డాక్టరుకు ఒక ఉత్తరం రాసిచ్చేవారు. ఏ జబ్బు, ఎప్పటి నుంచి, ఏ మందు పనిచేసింది, ఏది పడలేదు, ఇంట్లో ఎవరు చూసుకుంటారు, అంతే. ఒక పేజీ దాటేది కాదు. అలాంటి ఉత్తరాలు పట్టుకొని వచ్చినవాళ్లకు కొత్త చోట వైద్యం మొదటి రోజే మొదలయ్యేది. లేనివాళ్లకు మొదటి నెలంతా పాత కథ కూడగట్టుకోవడానికే సరిపోయేది. అందుకే ఈరోజు నేను ఒక చిన్న విషయమే మాట్లాడతాను. ఇన్నాళ్లు చూపించుకున్న డాక్టరు దగ్గర నుంచి మరొకరి దగ్గరికి పోవాలనుకున్నప్పుడు, మన కాగితాలు ఎలా అడగాలి, ఏవి అడగాలి.

మన వైపు జనం అడగరు. ఊరికే మానేస్తారు. నెలనెలా వచ్చే మనిషి రెండు నెలలు కనబడడు, మూడో నెల కాంపౌండరు 'వాళ్లు వేరే చోట చూపించుకుంటున్నారంట సార్' అని చెబుతాడు. కారణం కోపమేమీ కాదు, మొహమాటం. 'నాయనకు చూసినారు, నాకు చూసినారు, నా బిడ్డ కాన్పు కూడా ఆ మేడమ్ చేతి మీదనే జరిగింది. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకొని కాగితాలు ఇమ్మని అడిగేది?' ఈ మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. హస్తవాసి మీద అంత నమ్మకం పెట్టుకున్న చోట, కాగితాలు అడగడమంటే నమ్మకం తెగిపోయిందని చెప్పినట్టవుతుందని వాళ్ల భయం. ఆ భయంతో చెప్పకుండా పోతారు. పోయేటప్పుడు పదేళ్ల చరిత్ర ఇక్కడే వదిలిపెట్టి పోతారు.

పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక ఒక మాట ముందే చెప్పాలి. ఇంగ్లండులో మనిషి ఒక డాక్టరు క్లినిక్కులో పేరు నమోదు చేసుకుంటాడు. ఇల్లు మారి కొత్త క్లినిక్కులో నమోదైతే, పాత రికార్డు ఆ కొత్త క్లినిక్కుకే చేరుతుంది. పేషెంటు పాత డాక్టరు ముందు నిలబడి అడగాల్సిన పని లేదు. అక్కడుండే కొడుకు ఫోనులో 'ట్రాన్స్‌ఫర్ చేయమని చెప్పండి నాన్నా' అంటాడు. ఇక్కడ ప్రొద్దుటూరు నర్సింగ్‌హోము నుంచి బెంగళూరు ఆసుపత్రికి అలా తనంతట తాను పోయే దారి మామూలుగా ఉండదు. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబరు వచ్చింది. పేషెంటు ఒప్పుకుంటే రికార్డులు ఒక ఆసుపత్రి నుంచి మరొక దానికి కనబడే ఏర్పాటు అందులో ఉంది. కానీ ఆ పాత ఆసుపత్రి మీ రిపోర్టులను దానికి జతచేసి ఉంటేనే అవతల కనబడతాయి. చేతిరాత కేస్‌షీటు దానంతట అది అందులోకి ఎక్కదు. కాబట్టి మన దగ్గర కాగితాలు చేరవేసేది పేషెంటే, ప్లాస్టిక్ కవరులో, బస్సులో.

అయితే ఏ కాగితం ఎవరి దగ్గర ఉంటుందో తెలుసుకోవాలి. ఓపీలో చూపించుకుంటే డాక్టరు రాసిన చీటీ మీ చేతికే వస్తుంది. చాలా క్లినిక్కులలో దానికి రెండో ప్రతి ఉండదు. అది పోగొట్టుకుంటే ఎవరినడిగినా దొరకదు. అడ్మిట్ అయితే మాత్రం కేస్‌షీటు ఆసుపత్రిలో ఉంటుంది. రోజూ డాక్టరు రాసిన నోట్సు, నర్సుల చార్టు, ఆపరేషన్ నోట్సు, మత్తు ఇచ్చిన వివరాలు అన్నీ అందులోనే. డిశ్చార్జి రోజు మీకిచ్చేది దాని సారాంశం మాత్రమే. అసలు కేస్‌షీటు ఆసుపత్రిది, దాని నకలు అడిగే హక్కు మీది. మెడికల్ కౌన్సిల్ 2002 నాటి వృత్తి నియమాల్లో ఇది స్పష్టంగా ఉంది. ఇన్‌పేషెంటు రికార్డులను వైద్యం మొదలైన తేదీ నుంచి 3 ఏళ్లు దాచాలి. పేషెంటు గానీ, ఆయన అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అది డాక్టరు మీద చర్య తీసుకోదగ్గ తప్పు. 2023 ఆగస్టులో కొత్త నియమాలు వచ్చాయి గానీ, అదే నెలలో వాటిని నిలిపివేసి పాతవాటినే కొనసాగించారు. అంతకు చాలా ముందే, 1996లో, బొంబాయి హైకోర్టు రఘునాథ్ రహేజా కేసులో, పేషెంటు కాగితాలను ఆ పేషెంటుకే రహస్యమని చెప్పి దాచడం కుదరదని తేల్చింది.

ఈ 3 ఏళ్ల మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. 2019లో గర్భసంచి తీసేసిన ఆసుపత్రికి 2025లో పోయి ఆపరేషన్ నోట్సు అడిగితే, 'లేవమ్మా' అని వాళ్లు చెప్పినా అందులో నియమం తప్పింది లేకపోవచ్చు. అడగాల్సింది అవసరం పడినప్పుడు కాదు, డిశ్చార్జి అయిన వారంలోనే.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. జమ్మలమడుగు అవతల పల్లె. అమ్మకు అరవై దాటినాయి. పదిహేనేళ్లుగా షుగరు, పన్నెండేళ్లుగా బీపీ. ప్రొద్దుటూరులో ఒకే డాక్టరు దగ్గర చూపించుకుంటుంది. మోకాళ్ల నొప్పులకు మాత్రం ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు మింగుతుంది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. కాళ్లు ఉబ్బుతున్నాయని అమ్మను తన దగ్గరికి తీసుకుపోయి అక్కడ పరీక్ష చేయిస్తే, క్రియాటినిన్ 2.4 అని వచ్చింది.

ఆ 2.4 ఒక్కటే చూసి కిడ్నీ డాక్టరు ఏమీ తేల్చలేడు. నాలుగేళ్ల కిందట 1.6, రెండేళ్ల కిందట 1.9, పోయిన ఏడాది 2.1 ఉండి ఇప్పుడు 2.4 అయితే, ఇది మెల్లగా పెరుగుతున్న జబ్బు. మందులు సర్ది, ఉప్పు తగ్గించి, ఇంకా ఎన్నో ఏళ్లు డయాలిసిస్ లేకుండా నెట్టుకురావచ్చేమో చూస్తారు. అదే, మూడు నెలల కిందట 1.1 ఉండి ఇప్పుడు 2.4 అయితే కథ వేరు. కొత్తగా ఏదో దెబ్బ తగిలింది. నొప్పి మాత్రలా, మూత్రనాళంలో రాయి అడ్డమా, ఇన్‌ఫెక్షనా అని ఆ పూటే వెతకాలి, ఎందుకంటే తొందరగా పట్టుకుంటే కిడ్నీ తిరిగి కోలుకునే అవకాశం ఉంటుంది. మామూలుగా ఇలాంటి అనుమానం తీర్చడానికి స్కానింగులో కిడ్నీల సైజు చూస్తారు. చిన్నవైపోయి ఉంటే పాత జబ్బని అర్థం. కానీ షుగరు వల్ల పాడైన కిడ్నీలు చాలాకాలం మామూలు సైజులోనే కనబడతాయి. అంటే స్కానింగు కూడా ఇక్కడ తికమక పెట్టవచ్చు. అప్పుడు మిగిలేది పాత అంకెలే. ప్రొద్దుటూరులో, ఆ డాక్టరు గారి ఫైల్లోనో, ల్యాబు వాళ్ల కంప్యూటర్లోనో ఉన్న కొన్ని అంకెలు, వాటి పక్కన తేదీలు.

ఇంకొకటి. పాత డాక్టరు ఒకప్పుడు కిడ్నీకి మేలు చేసే బీపీ మాత్ర మొదలుపెట్టి, పొటాషియం పెరిగిందని ఆపి ఉండవచ్చు. చీటీల్లో ఆ మాత్ర ఒక నెల కనబడుతుంది, మరుసటి నెల కనబడదు. ఎందుకు ఆపినారో ఎక్కడా రాసి ఉండదు. బెంగళూరు డాక్టరు ఆ మందు లేదని చూసి, మంచిదే కదా అని మళ్లీ మొదలుపెడతాడు. ఆయన తప్పేమీ లేదు. ఆ 'ఎందుకు' అనేది ప్రొద్దుటూరు డాక్టరు బుర్రలో మాత్రమే ఉంది. కాబట్టి రిపోర్టుల నకళ్లతో పని పూర్తి కాదు, ఆయన చేత ఒక చిన్న ఉత్తరం రాయించుకోవాలి. అది అడగాలంటే ఎదురుగా పోవాలి, మర్యాదగా మాట్లాడాలి.

ఎలా మాట్లాడాలి? మొదట, ఎప్పుడు పోవాలో చూసుకోండి. ఓపీ నడుస్తుండగా పదిమంది ముందు అడగవద్దు. చివరి పేషెంటు అయ్యాక, లేదా ముందే కాంపౌండరుతో 'సారుతో ఐదు నిమిషాలు పని ఉంది, చూపించుకోవడానికి కాదు' అని చెప్పి పోండి. ఓపీ ఫీజు కట్టే పోండి. ఆయన సమయం తీసుకుంటున్నామన్న గౌరవం అందులో ఉంటుంది.

రెండోది, వెళ్లిపోవడానికి కారణం అబద్ధం చెప్పవద్దు. ఇది చాలామంది చేసే పని. ఊళ్లోనే, రెండు వీధుల అవతల ఇంకో డాక్టరు దగ్గరికి పోతూ 'హైదరాబాదుకు పోతున్నాం సార్' అంటారు. ప్రొద్దుటూరు ఎంత పెద్ద వ్యాపార కేంద్రమైనా మందుల షాపులు, ల్యాబులు ఒకరికొకరు తెలిసినవాళ్లే. వారం తిరిగేలోపు తెలిసిపోతుంది. అప్పుడు ఆయన మనసుకు తగిలే దెబ్బ, నిజం చెబితే తగిలే దానికంటే పెద్దది. నిజాన్ని చిన్నగా, ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పవచ్చు. 'సార్, ఇన్నేళ్లూ మీరే చూసినారు, ఆ మేలు మరిచిపోం. అమ్మను కొంతకాలం కిడ్నీ డాక్టరు దగ్గర చూపిద్దామని ఇంట్లో అనుకున్నాం. మీరు ఇంతవరకు చూసిందంతా ఆయనకు తెలిస్తే మంచిదని మా ఆశ. పాత రిపోర్టుల నకళ్లు, మీ చేత్తో రెండు మాటలు రాసిస్తే తీసుకుపోతాం.' ఈ మాటల్లో ఫిర్యాదు లేదు, క్షమాపణ లేదు. నిజంగానే డాక్టరు మీద అసంతృప్తి ఉన్నా ఇంతే చెప్పండి. కాగితాలు అడిగే రోజు, ఫిర్యాదు చెప్పే రోజు వేర్వేరుగా ఉండాలి. బిల్లు మీద తగాదా ఉంటే దానికి ఇంకో ఉత్తరం రాయండి. రెండూ కలిపితే, ఆ తగాదా తేలేదాకా మీ కేస్‌షీటు కూడా బీరువాలోనే ఉంటుంది.

ఒంటి చేతి క్లినిక్కు అయితే నోటిమాట చాలు. పడకలున్న ఆసుపత్రి అయితే రాతపూర్వకంగా ఇవ్వండి. పెద్ద ఆసుపత్రుల్లో మెడికల్ రికార్డ్స్ విభాగం ఉంటుంది, ఎంఆర్‌డీ అంటారు. ప్రభుత్వాసుపత్రిలో సూపరింటెండెంటు పేరు మీద రాయాలి. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

'గౌరవనీయులైన సూపరింటెండెంటు గారికి,

నమస్కారం. మా అమ్మగారు మీ ఆసుపత్రిలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇన్‌పేషెంటుగా ఉన్నారు. ఐపీ నంబరు ఇది. అప్పుడు మీరు, మీ సిబ్బంది చూపిన శ్రద్ధకు మా కుటుంబమంతా కృతజ్ఞతతో ఉన్నాం.

ఆమె ఇకపై బెంగళూరులో మా వద్ద ఉంటూ అక్కడి వైద్యుల వద్ద చూపించుకోనున్నారు. వారికి చూపించేందుకు, పై అడ్మిషన్‌కు సంబంధించిన పూర్తి కేస్‌షీటు నకలు, డిశ్చార్జి సమ్మరీ, రక్త, మూత్ర పరీక్షల రిపోర్టులు, స్కానింగు రిపోర్టు, దాని సీడీ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. నకళ్లకయ్యే ఖర్చు చెల్లిస్తాను.

అమ్మగారు సంతకం చేసిన అధికార పత్రం, ఆమె గుర్తింపు కార్డు నకలు, నా గుర్తింపు కార్డు నకలు జతపరిచాను. కాగితాలు ఎప్పుడు సిద్ధమవుతాయో ఈ ఫోను నంబరుకు తెలియజేస్తే నేనే వచ్చి తీసుకుంటాను.

ఇట్లు, విధేయుడు.'

ఈ ఉత్తరంలో 72 గంటల మాట, నియమం మాట ఎక్కడా లేదని మీరు గమనించే ఉంటారు. మొదటి ఉత్తరంలో చట్టం ఎత్తితే అవతలివాళ్లు వెంటనే 'వీళ్లు కేసు పెట్టబోతున్నారేమో' అని జాగ్రత్తపడతారు. ఫైలు లాయరు దగ్గరికో, యజమాని దగ్గరికో పోతుంది. ఆలస్యమయ్యేది మనకే. అయితే రెండు ప్రతులు తీసుకుపోండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర, తేదీ, సమయం వేయించుకోండి. గడువు లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. నాలుగో రోజుకు కూడా రాకపోతే, అప్పుడు రెండో ఉత్తరంలో ఒకే వాక్యం చేర్చండి: 'మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల ప్రకారం 72 గంటల్లో ఇవ్వవలసి ఉన్నందున, దయచేసి త్వరగా ఇప్పించగలరు.' ఇదీ మర్యాదగానే ఉంది, కానీ ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. అప్పటికీ కదలకపోతే జిల్లా వైద్యారోగ్యశాఖాధికారికి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఆ ముద్ర వేసిన ప్రతిని జతచేసి రాయవచ్చు. ప్రభుత్వాసుపత్రి అయితే సమాచార హక్కు దరఖాస్తు ఇంకో దారి. నా అనుభవంలో రెండో ఉత్తరం దాటి పోవలసి వచ్చినవాళ్లు తక్కువ.

పేరు దగ్గర జాగ్రత్త. మన జిల్లాలో ఇది పెద్ద చిక్కు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఓపీలో మొగుడి ఇంటిపేరు, ల్యాబులో ఒట్టి 'సుబ్బమ్మ, 60'. ఒకే రోజు ముగ్గురు సుబ్బమ్మలు రక్తం ఇచ్చిన సందర్భాలు ఉంటాయి. పేరుతో అడిగితే వెతికేవాడికి దొరకదు, లేదా వేరే మనిషివి దొరుకుతాయి. వేరే మనిషి కాగితాలు ఫైల్లో చేరడం, అసలు కాగితాలు లేకపోవడం కంటే ప్రమాదం. ఐపీ నంబరు, అడ్మిషన్ తేదీ రాయండి. నకళ్లు చేతికి వచ్చాక అక్కడే కౌంటరు దగ్గర నిలబడి ప్రతి పేజీ మీద ఆ నంబరు ఒకటేనా అని చూసుకోండి. పథకం కింద ఆపరేషన్ జరిగి ఉంటే, ఆరోగ్యశ్రీ అయినా ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ అయినా, ఆ కేసు నంబరు కూడా రాయండి. ఆసుపత్రిలో ఉండే వైద్యమిత్రకు ఆ నంబరుతో పని సులువు.

డిశ్చార్జి సమ్మరీలో ఒక లైను కోసం ప్రత్యేకంగా వెతకమంటాను. 'బయాప్సీ రిపోర్టు రావలసి ఉంది.' గడ్డ తీసినప్పుడు, గర్భసంచి తీసినప్పుడు, తీసిన ముక్కను పరీక్షకు పంపుతారు. రిపోర్టు రావడానికి వారమో పది రోజులో పడుతుంది. ఈలోగా పేషెంటు ఇంటికి పోతాడు. కుట్లు ఊళ్లోనే విప్పించుకుంటాడు. రిపోర్టు ఆసుపత్రి సొరుగులో అలాగే ఉంటుంది. అందులో 'ఏమీ లేదు' అని ఉంటే అదృష్టం. వేరేది ఉంటే, పోయిన ప్రతి నెలా ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. క్యాన్సర్ అనుమానంతో తిరుపతికో, వెల్లూరుకో పోతున్నవాళ్లు రిపోర్టు ఒక్కటే తీసుకుపోతే చాలదు. అక్కడి డాక్టర్లు ఆ ముక్కను తామే మళ్లీ చూడాలంటారు. ల్యాబులో గాజు స్లైడులు, మైనంలో పొదిగిన ముక్క ఉంటాయి, దాన్ని బ్లాకు అంటారు. 'స్లైడులు, బ్లాకు రెండో అభిప్రాయం కోసం ఇప్పించండి' అని ఒక చీటీ రాసిచ్చి, సంతకం చేసి తీసుకోవాలి. మైనం కరుగుతుంది. మే నెలలో ప్రొద్దుటూరు నుంచి పోయే కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టవద్దు.

వేడికి చెడేది మైనమొక్కటే కాదు. ఇసీజీ చాలా చోట్ల వేడికి నల్లబడే కాగితం మీద వస్తుంది. మన ఎండలకు, బీరువాలో ఉన్నా, ఏడాది రెండేళ్లలో గీతలు మాసిపోతాయి. చాలామంది అది పాడవకూడదని ప్రేమగా ల్యామినేషన్ చేయిస్తారు. ల్యామినేషన్ మెషిను వేడిది. కాగితమంతా ఒక్కసారిగా నల్లగా మారిపోతుంది. పాత గుండెపోటు తాలూకు ఏకైక సాక్ష్యం అలా పోయిన ఇళ్లు నాకు తెలుసు. ఇసీజీ చేతికి వచ్చిన రోజే జిరాక్సు తీయించండి, ఫోనుతో ఫొటో తీసి పిల్లలకు పంపండి. అసలుదాన్ని ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితం కవరులో పెట్టండి.

ఇంతవరకు చెప్పింది తీరిక ఉన్న ప్రయాణం. రాత్రి పూట, ఛాతీ నొప్పితో వచ్చిన మనిషిని ఇక్కడి నుంచి కడపకో, తిరుపతికో, కర్నూలుకో పంపాల్సి వచ్చినప్పుడు ఉత్తరాలు రాసే టైము ఉండదు. అప్పుడు పులివెందుల అయినా జమ్మలమడుగు అయినా డ్యూటీ డాక్టరును ఒకే ఒక్క మాట అడగండి: 'సార్, ఇచ్చిన ఇంజెక్షన్ పేరు, ఇచ్చిన టైము రాసివ్వండి. మొదటి ఇసీజీ మాతో పంపండి.' గుండెపోటులో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇచ్చి పంపితే, అవతలి ఆసుపత్రి ఆ టైమును బట్టే యాంజియోగ్రాం ఎప్పుడు చేయాలో నిర్ణయిస్తుంది. ఇంజెక్షన్ పనిచేసిందనిపిస్తే మామూలుగా 3 గంటల తర్వాత, 24 గంటల లోపు చేస్తారు. పనిచేయకపోతే వెంటనే చేస్తారు. పనిచేసిందా లేదా అనేది మొదటి ఇసీజీని తర్వాతి దానితో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. డాక్టరు వద్దన్నా మీరే తీసుకుపోతున్నట్టు సంతకం పెట్టిన సందర్భంలో కూడా ఈ రెండూ అడగండి. ఆ సంతకం పెట్టినందువల్ల కాగితాల మీద మీ హక్కు పోదు.

ఇక నా తోటి డాక్టర్లతో ఒక మాట. పేషెంటు వెళ్లిపోతున్నాడంటే మనకు బాధ కలుగుతుంది. నాకూ కలిగేది. కానీ మన ఊళ్లలో డాక్టర్లు కూడా కదులుతూనే వచ్చారు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో ఎందరో యువ డాక్టర్లు మొదటి ఉద్యోగం చేసి వెళ్లారు. డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు కూడా అక్కడ మెడికల్ ఆఫీసరుగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరు మీద 70 పడకల ఆసుపత్రి పెట్టారు. డాక్టరు కదిలిన ప్రతిసారీ ఆయన చేతిలో ఉన్న పేషెంట్ల చరిత్ర ఎవరో ఒకరికి అప్పగించాల్సిందే. 2002 నియమాల్లో మనకు ఇంకో బాధ్యత కూడా ఉంది. పేషెంటుకు, వాళ్ల ఇంటివాళ్లకు తగినంత ముందుగా చెప్పకుండా డాక్టరు కేసు వదిలేయకూడదు. క్లినిక్కు మూసేస్తున్నా, ఊరు మారుతున్నా గేటుకు ఒక బోర్డు, నెల ముందు నుంచి ఓపీలో ఒక మాట, అడిగినవాళ్లకు ఫైలు నకలు ఇవ్వండి. పేషెంటు ఉత్తరం అడిగితే ఒక్క పేజీ రాయండి. కొత్త డాక్టరును తక్కువ చేసే మాటా వద్దు, మనల్ని సమర్థించుకునే మాటా వద్దు. 'పొటాషియం 5.8 వచ్చినందున ఫలానా మాత్ర ఆపాను' అన్న ఒక్క వాక్యం, పది పేజీల జిరాక్సు కంటే ఆ అమ్మకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

డాక్టరు గారు చనిపోయారు, క్లినిక్కు మూతపడింది, ఎవరినడగాలి? ఈ ప్రశ్న నన్ను ఎక్కువమంది అడిగేది. మొదట ఆ ఇంటివాళ్లను కలవండి. పాత రిజిస్టర్లు చాలా ఇళ్లలో ఇంకా ఉంటాయి. పరామర్శించడానికి పోయినట్టు పోయి, 'అమ్మా, సారు రాసిన పుస్తకాలు మీ దగ్గర ఉంటే మా పేరు ఉన్న పేజీ చూసుకుంటాం' అనండి. అక్కడ లేకపోతే ల్యాబుకు పోండి. కంప్యూటరులో బిల్లు వేసే ల్యాబు అయితే మీ ఫోను నంబరుతో పాత రిపోర్టులు తిరిగి ప్రింటు ఇచ్చే వీలుంటుంది. క్రియాటినిన్, షుగరు అంకెలు తేదీలతో సహా అక్కడ దొరుకుతాయి. తర్వాత మందుల షాపు. నెలనెలా ఒకే షాపులో కొన్నవాళ్ల బిల్లులు వాళ్ల కంప్యూటరులో ఉంటే, ఏ మందు ఏ నెలలో మొదలైందో, ఏ నెలలో ఆగిందో ఆ బిల్లుల్లోనే కనబడుతుంది. స్కానింగు సెంటరులో గర్భిణుల స్కాను రికార్డులు చట్టప్రకారం రెండేళ్లు దాచాలి, మిగతావి అడిగి చూడాలి. ఆరోగ్య బీమా ఉండి క్లెయిము చేసి ఉంటే, మీరు జతచేసిన డిశ్చార్జి సమ్మరీ నకలు కంపెనీ దగ్గర ఉంటుంది. ఇవన్నీ తిరిగి తెచ్చాక ఒక తెల్లకాగితం మీద తేదీల వారీగా, ఒక్కో లైనులో ఏమి జరిగిందో, ఏ అంకె వచ్చిందో రాసి ఫైలు మీద పెట్టండి. ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్రల సంగతి కూడా ఆ కాగితంలో రాయండి. కొత్త డాక్టరు ముందుగా చదివేది అదే.